ఫారం 2848లో సంవత్సరం గడి

సభ్యులకు నమస్కారం. అమెరికాలో పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ నుంచి నోటీసు రాగానే, మన తరఫున వ్యవహరించే అధికారాన్ని ప్రతినిధికి ఇచ్చే ఫారం 2848 మీద సంతకం పెట్టి, ఇక అన్నీ ప్రతినిధే చూసుకుంటారని నిశ్చింతగా ఉండేవారు మనలో చాలామంది. ఆ ఫారం ఇచ్చే అధికారం మూడో వరుసలో మీరు రాసినంత వరకే. పన్ను రకం, రిటర్ను ఫారం సంఖ్య, సంవత్సరం విడివిడిగా రాయాలి. ‘అన్ని సంవత్సరాలు’ అని రాస్తే తిప్పి పంపుతారు.

నా స్నేహితుడి విషయమే చూడండి. నోటీసు 2022 రిటర్ను మీద వచ్చింది, ఫారంలో ఆదాయపు పన్ను, 1040, 2022 అని రాశాడు. విచారణలో 2021 నుంచి తెచ్చుకున్న షేర్ల నష్టం ప్రస్తావన వచ్చింది. ఆ సంవత్సరం వివరాలు ప్రతినిధికి చెప్పడానికి అధికారి ఒప్పుకోలేదు. రెండు సంవత్సరాలూ రాసి ఉంటే సరిపోయేది.

భార్యాభర్తలు కలిసి రిటర్ను వేసినా, ఒకే ప్రతినిధిని పెట్టుకున్నా, ఎవరి ఫారం వారే ఇవ్వాలి. ఒకరి సంతకం రెండోవారికి వర్తించదు.

ప్రతినిధి మీ తరఫున వాదించవచ్చు, మీ ఫైలు చూడవచ్చు, ఒప్పందాల మీద సంతకం పెట్టవచ్చు. మీ రీఫండ్ చెక్కును మాత్రం తన పేరుకు మార్చుకోలేరు. రిటర్ను మీద మీ బదులు సంతకం చేయడం కూడా అనారోగ్యం, విదేశాల్లో ఉండటం వంటి కొన్ని సందర్భాల్లోనే, అదీ ఫారంలో ప్రత్యేకంగా రాస్తేనే.

ఇంకొకటి. అదే విషయానికి, అదే సంవత్సరానికి కొత్త ఫారం ఇస్తే పాతది మామూలుగా రద్దవుతుంది. పాత ప్రతినిధి కూడా కొనసాగాలంటే ఆరో వరుసలో గుర్తు పెట్టి, పాత ఫారం ప్రతిని జతచేయండి.