బ్యాండ్‌లో డబ్బు ఎక్కడుంటుందంటే

చిట్టితల్లీ,

శనివారం స్నేహితులతో మ్యూజిక్ ఫెస్టివల్‌కి వెళ్తున్నావని అమ్మ చెప్పింది. లోపల నోట్లు చెల్లవట, చేతి బ్యాండ్‌తోనే కొనాలట కదా. నేను చెన్నైలో చేసేది ఆ టాప్‌అప్ కౌంటర్ల పనే కాబట్టి, బెంగళూరులో నీకు పనికొచ్చే సంగతి ఒకటి రాస్తున్నాను.

బ్యాండ్‌లోని చిప్‌కి బ్యాటరీ ఉండదు. మెషీన్ దగ్గరికి తెస్తే, దాని నుంచి వచ్చే రేడియో తరంగాలతోనే (13.56 మెగాహెర్ట్జ్) అది మేల్కొంటుంది. అందుకే రెండు మూడు సెంటీమీటర్ల దూరంలోనే పనిచేస్తుంది. వాన పడ్డా ఫర్వాలేదు గానీ, స్టీలు గాజులూ వాచీ ఆనుకుని ఉంటే సతాయిస్తుంది. వాటిని రెండో చేతికి వేసుకో.

అసలు సంగతి బ్యాలెన్స్ గురించి. కొన్ని చోట్ల అది సర్వర్‌లో ఉంటుంది, బ్యాండ్ కేవలం నీ నంబరు చెబుతుంది. కానీ వేలమంది ఒకేచోట చేరితే మొబైల్ నెట్ మొరాయిస్తుంది. అందుకని చాలా ఫెస్టివల్స్‌లో బ్యాలెన్స్‌ని చిప్‌లోనే రాస్తారు. స్టాల్ మెషీన్ నెట్ లేకపోయినా డబ్బు కోసుకుని, లెక్కని తర్వాత సర్వర్‌కి పంపుతుంది.

చిక్కు ఇక్కడే. ఇంట్లోనే 1,000 రూపాయలు వేశావనుకో. గేటు దగ్గరి కౌంటర్‌లో బ్యాండ్ తాకిస్తే ఆ డబ్బు చిప్‌లోకి ఎక్కుతుంది. దోసెకి 180 పోతే తెరమీద 820 కనబడుతుంది. ఆ తర్వాత క్యూలో నిలబడే ఫోన్‌లో మరో 500 వేశావు. బ్యాంకులో కట్ అయింది, కానీ నెట్ లేని స్టాల్ మెషీన్ ఇంకా 820 అనే అంటుంది. టెన్షన్ పడి మళ్లీ 500 వెయ్యకు, ఇలా రెండుసార్లు వేసి మా దగ్గరికి వచ్చేవాళ్లు రోజూ ఉంటారు. ఆ 500 సర్వర్‌లో ఎదురుచూస్తోంది, అంతే. నెట్ ఉన్న టాప్‌అప్ కౌంటర్‌లో ఒకసారి తాకిస్తే 1,320 అవుతుంది.

తాకించాక చెయ్యి వెంటనే లాగెయ్యకు, బీప్ వినబడేదాకా ఉంచు. రాత మధ్యలో ఆగి ఎర్రర్ వస్తే, అదే మెషీన్ మీద మళ్లీ తాకించు. సగంలో ఆగిన లావాదేవీ గుర్తుండేది దానికే, పక్క స్టాల్‌కి వెళ్తే లెక్క చిక్కుపడుతుంది.

ముందే బ్యాండ్ వెనక నంబరుని యాప్‌లో నీ పేరుమీద ఎక్కించు. పోతే బ్లాక్ చెయ్యమని అడగొచ్చు. అయితే నెట్ లేని స్టాళ్లకి ఆ కబురు చేరేలోపు దొరికినవాడు ఖర్చుపెట్టేయొచ్చు, కాబట్టి ఒకేసారి ఎక్కువ వెయ్యకు.

మిగిలిన డబ్బు సంగతి మాత్రం టికెట్ షరతుల్లో ముందే చదువు. ఒక నిర్వాహకుడి దగ్గరే చెల్లే ఇలాంటి బ్యాలెన్స్‌ని నోట్లుగా తీసుకునే వీలు ఉండదు. వాపసు ఇచ్చినా గడువు పెడతారు, కొందరు రుసుము కోస్తారు. ఆదివారం నిద్ర లేవగానే వాపసు ఫారం నింపెయ్.

మీ నాన్న