పరుగు సాధన చేసే కుర్రాళ్లకు అన్నం మాన్పిస్తారా?

సంపాదకులకు నమస్కారం.

శ్రీకాకుళంలో తెల్లవారుజామున మైదానానికి వెళ్తే కానిస్టేబుల్, సైన్యం కొలువుల కోసం పరుగు సాధన చేసే కుర్రాళ్లు కనిపిస్తారు. వ్యాయామ ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన నేను గడియారం పట్టుకుని అక్కడే నిలబడుతుంటాను. ఈమధ్య వారిలో కొందరికి ఒక జిమ్‌లో కీటో పట్టిక ఇచ్చారు. అన్నం, చోడి అంబలి, అరటిపండు మానేసి గుడ్లు, పనీరు, మాంసం, నెయ్యితో గడపాలట.

వారిలో ఒక అబ్బాయి 1600 మీటర్లను 6 నిమిషాల 10 సెకన్లలో పూర్తిచేసేవాడు. పట్టిక పాటించిన మొదటి వారంలోనే మూడు కిలోలు తగ్గానని మురిసిపోయాడు. తగ్గింది చాలావరకు నీరే. తిన్న పిండిపదార్థం నుంచి కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ ఒక్కో గ్రాము ఖర్చయినప్పుడు దానితో పాటు సుమారు మూడు గ్రాముల నీరు పోతుంది. ఇన్సులిన్ తగ్గడం వల్ల మూత్రంలో ఉప్పూ ఎక్కువగా పోతుంది. మూడో రోజుకల్లా తలనొప్పి, లేస్తే కళ్లు తిరగడం, పిక్కలు పట్టేయడం మొదలయ్యాయి. ఉప్పు వేసిన మజ్జిగ, చారు తాగించాక అవి సర్దుకున్నాయి.

పరుగు మాత్రం సర్దుకోలేదు. నాలుగో వారంలోనూ 6 నిమిషాల 50 సెకన్లు పట్టింది. రెండు చుట్లు బాగానే వచ్చేవాడు, మూడో చుట్టులో కాళ్లు ఈడ్చేవాడు. బద్ధకమని తిట్టాను, తప్పు నాదే. అంతే శక్తికి కొవ్వు పిండిపదార్థం కంటే ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది. 1600 మీటర్ల పరుగులో ఊపిరి ముందే అంచున ఉంటుంది. పైగా ఆ వేగంలో కొంత శక్తి ఆక్సిజన్ లేకుండానే గ్లైకోజెన్ నుంచి రావాలి. కొవ్వు ఆ పని చేయలేదు. ఆస్ట్రేలియాలో లూయిస్ బర్క్ బృందం మేటి నడక పందెగాళ్లపై చేసి 2017లో ప్రచురించిన పరిశోధనలోనూ కీటో తిన్నవారిలో కొవ్వు కరగడం బాగా పెరిగింది, పందెం సమయం మాత్రం మెరుగుపడలేదు. అన్నం తిరిగి మొదలుపెట్టిన పది రోజులకు మావాడు 6 నిమిషాల 15 సెకన్లకు వచ్చాడు.

ఈ ఆహారం ఎవరికీ పనికిరాదని అనను. ఊబకాయం ఉండి నెమ్మదిగా నడిచేవారికి, టైప్-2 మధుమేహం ఉన్న కొందరికి ఉపయోగపడవచ్చు. కానీ ఇన్సులిన్, షుగర్ మాత్రలు వాడేవారు వైద్యుడికి చెప్పకుండా మొదలుపెడితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. కొన్ని రకాల మాత్రలతో రక్తం ఆమ్లమయమయ్యే ముప్పూ ఉంది.

మన జిల్లాకు మరో భయం ఉంది. ఉద్దానం వైపు నుంచి వచ్చే పిల్లల ఇళ్లలో కిడ్నీ జబ్బు కొత్త మాట కాదు. అప్పటికే దెబ్బతిన్న మూత్రపిండాల మీద మాంసం భారం, నీటి కొరత మోపడం ఎంత అన్యాయం! పట్టిక చేతికిచ్చే ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించుకున్నావా, ఏ మందులు వాడుతున్నావు, ఏ పరీక్షకు సాధన చేస్తున్నావు అని జిమ్‌ల వారు అడగాలి. నియామకాలు జరిగే నెలల్లో మైదానాల దగ్గర ఒక ప్రభుత్వ ఆహార నిపుణుడిని వారానికొకసారైనా కూర్చోబెట్టాలని జిల్లా క్రీడాధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం