అమ్మోనియా క్లాసు ఫోన్‌లోకి వస్తోంది: ఏం ఉంచాం, ఏం తీసేశాం

"ఆదివారం మీరు చెప్పే క్లాసు అట్లనే వీడియో తీసి గ్రూపులో పెట్టేస్తే సరిపోద్ది కదన్నా? గుంట వదిలి రాలేకపోతున్నాం." విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల రైతులు చాన్నాళ్లుగా అడుగుతున్న మాట ఇది.

సరిపోదు. క్లాసులో నేను గంటన్నర మాట్లాడతాను గానీ, అందులో చాలా భాగం మీ ముఖాలు చూసి మళ్లీ మొదటికి రావడం, బోర్డు మీద ఇంకోసారి గీయడం, మీరు తెచ్చిన రిపోర్టు చేతిలోకి తీసుకుని చదివి చెప్పడం. కెమెరాకు దొరికేది నా మాట ఒక్కటే. అర్థం కాని చోట మీరు చెయ్యి ఎత్తలేరు, నేను ఆగలేను. అందుకని ఆ క్లాసు మొత్తం విప్పి, పాతిక నిమిషాల్లో ఫోన్‌లో పూర్తయ్యే పాఠంగా మళ్లీ కట్టాం. వచ్చే సోమవారం నుంచి, ఇందుకూరుపేట మన ల్యాబ్‌లో నీళ్లు టెస్టు చేయించే వాళ్లందరికీ లింకు వస్తుంది. అందులో ఏం ఉందో, ఏం లేదో ముందే చెప్పడం నా బాధ్యత.

పాఠం అయ్యాక రైతు ఏం చేయగలగాలి అన్నది ముందు ఒకే వాక్యంలో రాసుకున్నాం. పాత క్లాసు నోట్సులో పైన "అమ్మోనియా గురించి అవగాహన" అని ఉండేది. అవగాహన వచ్చిందో లేదో ఎట్లా తెలుస్తుంది? కంటికి కనిపించే పని కావాలి. ఇప్పుడు ఆ వాక్యం ఇది: తన గుంట రిపోర్టులో మొత్తం అమ్మోనియా, పీహెచ్, శాంపిల్ తీసిన టైము చూసి, ఆ మధ్యాహ్నానికి రొయ్యకు ప్రమాదం ఉందో లేదో టేబుల్ సాయంతో తేల్చి, ఆ రోజు మేత, ఏరియేటర్ల విషయంలో ఏం చేయాలో రైతు చెప్పగలగాలి. ఈ వాక్యానికి పనికొచ్చేదే పాఠంలో ఉంది. నైట్రోజన్ చక్రం బొమ్మ, నైట్రైట్, బాక్టీరియా పేర్లు తీసేశాం. నాకు ఇష్టమైన భాగాలే అవి. నైట్రైట్‌కు మాత్రం విడిగా ఇంకో చిన్న పాఠం కావాలి, ఇందులో కలిపితే రెండూ చెడతాయి.

ఆ వాక్యంలో శాంపిల్ తీసిన టైము ఎందుకు పెట్టామో ఒక లెక్కతో చెప్తాను. పాఠానికి గుండెకాయ అదే. ల్యాబ్‌కు శాంపిళ్లు ఎక్కువగా పొద్దున్నే వస్తాయి. రిపోర్టులో మొత్తం అమ్మోనియా 1 పీపీఎం, పీహెచ్ 7.8 అని ఉందనుకోండి. మొత్తం అమ్మోనియాలో రొయ్యను నిజంగా దెబ్బతీసేది కొంత వంతు మాత్రమే, ఆ వంతు ఎంతన్నది ముఖ్యంగా పీహెచ్ మీద, ఆ తర్వాత వేడి మీద ఆధారపడుతుంది. 7.8 దగ్గర అది నూటికి అయిదు లోపే. అంటే విషపు అమ్మోనియా 0.05 పీపీఎం దరిదాపుల్లో ఉంటుంది. ఊపిరి పీల్చుకుంటాం. కానీ ఎండ ఎక్కే కొద్దీ నీళ్లలోని ప్లాంక్టన్ కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుంటుంది, పీహెచ్ పెరుగుతుంది. మూడు గంటలకు అదే గుంటలో పీహెచ్ 8.5 అయితే, నీళ్లు 30 డిగ్రీలుంటే, ఆ వంతు నూటికి ఇరవై దాకా పోతుంది. మొత్తం అమ్మోనియా అదే 1 పీపీఎం, విషం మాత్రం 0.2. పొద్దుటి కంటే నాలుగు రెట్లు. రొయ్యల సాగులో విషపు అమ్మోనియా 0.1 దాటకుండా చూసుకోమంటారు. పొద్దున బాగుందన్న రిపోర్టుతోనే మధ్యాహ్నం గీత దాటేశాం. ఈ లెక్కలు మంచినీటికి వేసినవి, ఉప్పునీటిలో కొంచెం తగ్గుతాయి. అయినా నిర్ణయం మారేంత తేడా కాదు.

ఇక దేన్ని వీడియోగా చెప్పాలి, దేన్ని బొమ్మగా ఇవ్వాలి అన్న దగ్గరే ఎక్కువ తర్జనభర్జన పడ్డాం. పగలంతా పీహెచ్ పైకి పోవడం, రాత్రి దిగడం కదలికతో ముడిపడిన విషయం, కాబట్టి దానికి వీడియో పెట్టాం. గీత ఒక్కొక్క గంటకు కొంచెం కొంచెంగా పైకి పోతుంటుంది, పక్కన నా గొంతు వినిపిస్తుంది. నేను మాట్లాడే మాటలనే తెర మీద అక్షరాలుగా వేయలేదు. చూస్తూ, వింటూ, చదువుతూ ఉంటే మూడూ సగం సగమే ఎక్కుతాయి. అయిదు నిమిషాలు దాటకుండా కోసి, గుంటగట్టు మీద సిగ్నల్‌కు తగ్గట్టు సైజు కుదించాం. రిపోర్టు ఎట్లా చదవాలన్నది ఫోటో మీద గుండ్రాలు చుట్టి, వాయిస్‌తో చెప్పాం.

పీహెచ్ టేబుల్‌ను మాత్రం వీడియోలో పెట్టకుండా, ఫోన్ గ్యాలరీలో దాచుకునే బొమ్మగా ఇచ్చాం. అవసరమైనప్పుడు గుంట దగ్గర తీసి చూడాల్సింది అదే, వీడియోలో వెనక్కి ముందుకి జరుపుతూ వెతకమంటే ఎవరు వెతుకుతారు? తుది రూపం ఇచ్చే ముందు ఒక రైతు చేతికి ఫోన్ ఇచ్చి, నోరు మెదపకుండా పక్కన కూర్చున్నాను. టేబుల్ రాగానే ఆయన కళ్లు చిన్నవి చేసి, రెండు వేళ్లతో దాన్ని లాగి పెద్దది చేసి, వరుస తప్పి పక్క అంకె చదివారు. అది చూశాక వరుసలు నాలుగే ఉంచాం: 7.5, 8, 8.5, 9. అంకెలు పెద్దవి, 8.5 నుంచి కింది రెండు వరుసలు ఎర్ర రంగు. 7.8 లాంటివి వస్తే దానికంటే పెద్ద అంకె ఉన్న వరుస, అంటే 8 చూసుకోమని పాఠంలోనే చెప్పాం. పొరపాటు జరిగినా జాగ్రత్త వైపే జరగాలని.

ఒక పని ఫోన్‌లో నేర్పడం కుదరదు, అది టెస్టు కిట్‌లో రంగు పోల్చడం. పసుపు నుంచి ఆకుపచ్చకు మారే ఆ తేడా ఒక్కో ఫోన్ తెర మీద ఒక్కో రకంగా ఉంటుంది. బ్రైట్‌నెస్ తగ్గించినా, రాత్రి మోడ్ వేసినా రంగు మారిపోతుంది. వీడియోలో చూసి నేర్చుకున్న కన్ను గట్టు మీద తప్పు చెప్తుంది. అందుకే దాన్ని పాఠంలోంచి తీసేసి, శాంపిల్ ఇవ్వడానికి వచ్చినప్పుడు కౌంటర్ దగ్గర పగటి వెలుతురులో పది నిమిషాలు చేసి చూపిస్తాం.

క్విజ్ పేరు వినగానే పరీక్ష అనుకుని టెన్షన్ పడొద్దు. మార్కులు ఎవరికీ చూపించం. ప్రశ్నలు మూడే, అందులో ఒకటి ఇట్లా ఉంటుంది: పొద్దున ఆరింటి రిపోర్టులో అమ్మోనియా 1, పీహెచ్ 7.8. మధ్యాహ్నం మీరే చూస్తే పీహెచ్ 8.5. ఏం చేస్తారు? జవాబులు నాలుగు. పొద్దుటి రిపోర్టు బాగుంది, మేత మామూలుగా వేస్తాను. సున్నం చల్లుతాను. జియోలైట్ వేస్తాను. ఆ పూట మేత తగ్గించి, ఏరియేటర్లు నడిపి, మర్నాడు మధ్యాహ్నం నీళ్లు టెస్టుకు పంపుతాను. మొదటి మూడూ కల్పించినవి కావు. కౌంటర్ దగ్గర రోజూ వినే మాటలే. తప్పు జవాబులు నిజంగా జనం చేసే పనులైతేనే ప్రశ్నకు విలువ. ఎవరూ ఎంచుకోని జవాబు పెడితే రైతుకు తెలిసిందో లేదో మనకు తెలియదు.

నొక్కిన జవాబును బట్టి వివరణ మారాలి. క్విజ్ కోసం వాడిన గూగుల్ ఫారంలో తప్పు జవాబులన్నిటికీ కలిపి ఒకే వివరణ రాసే వీలుంది. మాకు అది చాలలేదు. అందుకని `Go to section based on answer` వాడి ఒక్కో జవాబుకు ఒక్కో పేజీ కట్టాం. సున్నం అని నొక్కితే, కాల్చిన సున్నం పీహెచ్‌ను ఇంకా పైకి తోస్తుందని, దాంతో విషపు వంతు పెరుగుతుందని టేబుల్ చూపిస్తూ చెప్తుంది, మళ్లీ అదే ప్రశ్నకు తీసుకొస్తుంది. జియోలైట్ అని నొక్కితే, ఉప్పునీటిలో సోడియం ఎక్కువ కాబట్టి అమ్మోనియా కూర్చోవాల్సిన చోట సోడియమే కూర్చుంటుందని, అందుకే మన గుంటల్లో అది అమ్మోనియాకు పెద్దగా పనిచేయదని చెప్తుంది. మన కౌంటర్‌లో జియోలైట్ బస్తాలు అమ్ముతున్న మాట మీకు తెలుసు. అమ్ముతూనే ఉంటాం, కానీ అమ్మోనియాకు అని అడిగితే ఇదే మాట చెప్తాం. ఆ బస్తాల అమ్మకం తగ్గితే తగ్గనీ.

వారం తర్వాత ఇంకో ప్రశ్న వాట్సాప్‌లో వస్తుంది, అంకెలు వేరే ఉంటాయి. విన్న రోజున అందరికీ గుర్తుంటుంది. వారం పోయాక టేబుల్ తీసి చూశారా, లేదా అన్నదే నాకు కావాలి. ఎక్కువ మంది ఒకే తప్పు జవాబు నొక్కితే ఆ భాగం మళ్లీ రికార్డు చేస్తాం.

ఒంటరిగా చూసే పాఠంలో సగంలో ఆగిపోయే వాళ్లే ఎక్కువ. దానికి మేం చేయగలిగింది మనిషిని అందుబాటులో ఉంచడమే. పొద్దున 8 నుంచి 9 వరకు, సాయంత్రం 6 నుంచి 7 వరకు ల్యాబ్ నంబరులో మనిషి ఉంటారు. ఆ టైములో వాయిస్ మెసేజ్ పెడితే ఆ రోజే జవాబు వస్తుంది. రిపోర్టు ఫోటో, శాంపిల్ తీసిన టైము, పిల్ల వదిలి ఎన్ని రోజులైంది, ఈ మూడూ పంపండి. ఇవి లేకపోతే మేం చెప్పేది ఊహే అవుతుంది. రొయ్య తేలుతోంది, గట్టు పక్కకు చేరుతోంది అంటే మెసేజ్ కోసం ఆగొద్దు, ఫోన్ చేయండి, ముందు ఏరియేటర్లన్నీ వేయండి. అది ఆక్సిజన్ సమస్య కావచ్చు, ఈ పాఠం దాని గురించి చెప్పదు. చదవడం కష్టమైన వాళ్ల కోసం ప్రశ్నలు, జవాబులు చదివి వినిపించే వాయిస్ కూడా ఉంది. గుంట దగ్గర కాపలా ఉండే మనిషికి లింకు పంపమంటే పంపుతాం, సాయంత్రం మేత వేసేది ఆయనే కదా.

ఆదివారం క్లాసు ఆగదు. కాకపోతే అమ్మోనియా పాఠం ఫోన్‌లో చూసి వచ్చారనుకుని, నేరుగా మీ రిపోర్టులతోనే మొదలుపెడతాం. చూడకుండా వచ్చినా పర్లేదు, వెనక బెంచీ దగ్గర ట్యాబ్ ఉంటుంది, మిగతా వాళ్లు వచ్చేలోపు చూసేయొచ్చు. ఫోన్ పాఠానికి మన దగ్గర టెస్టు చేయించే వాళ్లకు డబ్బులేమీ లేవు, బయటి వాళ్లకు 100 రూపాయలు. సోమవారం లింకు రాకపోతే మీ పేరు, ఊరు, గుంట నంబరు పంపండి.