మన్యాన అంటే రేపే

సంపాదకుడికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో ఐరోపా దేశాల పని అలవాట్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. అందులో స్పెయిన్ గురించి రాసిన ఒక పేరా నన్ను బాధపెట్టింది. 'స్పానిష్‌లో మనానా అంటే నిఘంటువులో రేపు, వాడుకలో మాత్రం ఎప్పుడో ఒకప్పుడు. ఆ ఒక్క మాటలోనే వాళ్ల బద్ధకమంతా ఉంది' అన్నారు రచయిత. వలెన్సియా నగరంలో నాలుగేళ్లు ఉండి, ఆ భాషలోనే ఇంటి అద్దె మాట్లాడుకుని, కూరగాయలు కొనుక్కుని బతికిన మనిషిగా దీనికి జవాబు రాయకుండా ఉండలేకపోతున్నాను.

ముందు ఉచ్చారణ. ఆ మాటలో మధ్య 'న' మామూలు 'న' కాదు. దానిపైన చిన్న అల లాంటి గీత ఉంటుంది. ఆ ధ్వనికి మన వర్ణమాలలో ఞ ఉండనే ఉంది. చదవడానికి వీలుగా నేను మన్యాన అని రాస్తున్నాను.

ఈ మాటకు మొదటి అర్థం రేపు కానే కాదు, ఉదయం. లాటిన్‌లో 'మానే' అంటే పొద్దున. దాని నుంచే మన్యాన వచ్చింది. రేపు అనడానికి లాటిన్‌లో 'క్రాస్' అని వేరే మాట ఉండేది. పాత స్పానిష్‌లోనూ అది కొంతకాలం నిలిచింది, తర్వాత పొద్దుటి మాటే దాని చోటులోకి వచ్చింది. ఇందులో వింతేమీ లేదు. రాత్రి పడుకోబోయేవాడికి రాబోయే పొద్దు రేపే కదా. మన 'రేపు' కథా ఇదే. పాత తెలుగులో రేపు అంటే ప్రొద్దుటి వేళ, రేపకడ అంటే వేకువ. 'రేపుమాపు' అంటే ఉదయం, సాయంత్రం. ఈనాడు 'రేపు మాపు అంటూ తిప్పుతున్నాడు' అనే మనం, ఆ జంట మాట ఒకప్పుడు పొద్దున్నీ సాయంత్రాన్నీ చెప్పేదని మరిచిపోయాం.

స్పానిష్‌లో ఇప్పటికీ రెండు అర్థాలూ బతికే ఉన్నాయి. వాటిని వేరు చేసేది ముందు వచ్చే చిన్న మాట. 'లా మన్యాన' అంటే ఉదయం. ముందు ఏమీ లేకుండా ఒట్టి 'మన్యాన' అంటే రేపు. 'ఎల్ మన్యాన' అంటే భవిష్యత్తు, మనం 'రేపటి పౌరులు' అన్నప్పటి రేపు లాంటిది. 'రేపు ఉదయం' అనాలంటే ఆ మాటనే రెండుసార్లు వాడి 'మన్యాన పోర్ లా మన్యాన' అంటారు.

నేను తడబడింది సరిగ్గా అక్కడే. మా మూడో అంతస్తు ఇంట్లో వంటగది తొట్టి కింద గొట్టం కారడం మొదలైంది. కుళాయి పనివాడికి ఫోను చేస్తే 'మన్యాన పోర్ లా మన్యాన' వస్తానన్నాడు. తొమ్మిదికల్లా తొట్టి కింది సామానంతా తీసి, బకెట్టు పెట్టి కూర్చున్నాను. పదైంది, పదకొండైంది, పన్నెండూ దాటింది. నేను విన్న కథలన్నీ నిజమేననుకుని, కోపంగా తలుపు తాళం వేసి బయటికి పోబోతుంటే, ఒంటిగంటా ఇరవైకి మెట్ల మీద పనిముట్ల పెట్టెతో ఎదురయ్యాడు. 'బ్వేనోస్ దియాస్' అన్నాడు, అంటే శుభోదయం. ముఖంలో ఆలస్యమయ్యానన్న భావమే లేదు. అరగంటలో గొట్టం మార్చి, నేల తుడిచి మరీ వెళ్లాడు.

సాయంత్రం కింది అంతస్తు పెద్దావిడకు ఈ సంగతి చెబితే, 'నువ్వు అప్పటికి భోంచేశావా?' అని అడిగింది. లేదన్నాను. 'అయితే ఇంకా ఉదయమే' అంది. అక్కడ మధ్యాహ్న భోజనం రెండింటికి, ఒక్కోసారి మూడింటికి. అది తినేదాకా చాలామందికి అది ఉదయం కిందే లెక్క. ఆయన చెప్పిన రోజుకే వచ్చాడు, చెప్పిన పూటకే వచ్చాడు. పొద్దున అంటే తొమ్మిదని అనుకున్నది నేను.

అలాగని స్పెయిన్‌లో ఎవరూ పని వాయిదా వేయరని నేను అనడం లేదు. వేస్తారు. అయితే ఆ అస్పష్టత మన్యాన చుట్టూ ఉన్న మాటల్లో ఉంటుంది. 'అ వేర్ సి మన్యాన' అంటే 'రేపు వీలవుతుందేమో చూద్దాం'. 'మన్యాన ఓ పసాదో' అంటే 'రేపో ఎల్లుండో'. ఇవి వింటే ఆశ పెట్టుకోనవసరం లేదు. 'మన్యాన సిన్ ఫాల్తా' అంటే మాత్రం 'రేపు తప్పకుండా'. ఇక 'ఎల్ దీయా దే మన్యాన' అంటే ఏనాటికో అని. మనం పిల్లలతో 'రేపు నువ్వు పెద్దయ్యాక తెలుస్తుంది' అన్నప్పటి రేపు అది. స్పానిష్ అకాడమీ నిఘంటువు కూడా మరుసటి రోజు అన్న అర్థంతో పాటు రాబోయే కాలం అన్న అర్థం ఇస్తుంది. ఈ రెండో అర్థం మన రేపుకూ ఉంది. అంతమాత్రాన తెలుగులో రేపు అంటే రేపు కాదని ఎవరైనా రాస్తే మీరు అచ్చువేస్తారా?

ఇంకొక రుజువు. కార్యాలయంలో సాయంత్రం ఇళ్లకు వెళ్లేటప్పుడు అందరూ 'అస్తా మన్యాన', రేపు కలుద్దాం అంటారు. శుక్రవారం అలా అనరు. శనివారం సెలవు కాబట్టి 'అస్తా ఎల్ లూనెస్', సోమవారం కలుద్దాం అంటారు. మన్యాన అంటే ఎప్పుడో అయితే శుక్రవారం మాట మార్చే పనేముంది?

ఈ వాదనకు బదులుగా కొందరు లార్రా అనే స్పానిష్ రచయితను చూపుతారు. 1833లో ఆయన 'రేపు రండి' అనే పేరుతో ఒక వ్యంగ్య వ్యాసం రాశాడు. పదిహేను రోజుల్లో పనులు ముగించుకుపోదామని వచ్చిన విదేశీయుడు, వెళ్లిన ప్రతిచోటా ఈ మాటే విని, ఆరు నెలల తర్వాత విసిగి వెళ్లిపోతాడు. కానీ ఆ వ్యంగ్యం పండింది మన్యానకు రేపు అనే అర్థం ఉండబట్టే. ఆ విదేశీయుడు ఆ మాట నమ్మి మర్నాడు మళ్లీ వెళతాడు. ఎప్పుడో రమ్మన్నారని అర్థమైతే వెళ్లేవాడే కాదు. మన ఊళ్లలో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్న రోజులు గుర్తు చేసుకోండి. దయ్యం అది చదివి వెనక్కి పోయి, మర్నాడు వచ్చి మళ్లీ చదువుతుందని జనం నమ్మకం. రేపు అంటే కచ్చితంగా మర్నాడైతేనే ఆ రాతకు బలం.

ఎప్పుడో అన్న అర్థాన్ని నిఘంటువుల్లోకి ఎక్కించింది ఇంగ్లీషు. స్పానిష్ మాటను అరువు తెచ్చుకుని, రేపు కోసం సొంత మాట ఉంది కనుక, దీనికి వాయిదా అన్న అర్థాన్నే ఉంచుకుంది. మీ వ్యాసకర్త ఆ ఇంగ్లీషు అర్థాన్ని తీసుకుని స్పెయిన్ వాళ్లకు అంటగట్టారు.

దీని వల్ల నష్టం లేదనకండి. నేను వలెన్సియాలో ఉన్నప్పుడు గుంటూరు కుర్రవాడొకడు చదువుకోవడానికి కొత్తగా అక్కడికి వచ్చాడు. ఒక గది చూసుకుంటే, ఇంటావిడ 'మన్యాన అ లాస్ దియేస్', రేపు పదింటికి వచ్చి తాళం తీసుకొమ్మంది. 'వీళ్ల మన్యాన సంగతి తెలిసిందే' అనుకుని మూడో రోజు వెళ్లాడు. ఆవిడ పదింటి నుంచి పదకొండున్నర దాకా ఎదురుచూసి, గది ఇంకొకరికి ఇచ్చేసింది. ఆ నెలంతా అతను మా హాల్లో పడుకున్నాడు. ఈ ఏడాది కూడా మన పిల్లలు అక్కడికి వెళతారు. వాళ్లలో మీ ఆదివారం అనుబంధం చదివినవాళ్లు ఉంటారు. అందుకే, వచ్చే ఆదివారం అదే పేజీలో సవరణ వేయమని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
విజయవాడ