ఇక కొత్త పీడీఎఫ్‌లు పెట్టకండి

పర్లాకిమిడి నీట్ గ్రూప్‌లోని తమ్ముళ్లకు, చెల్లెళ్లకు,

నిన్న ఒక్కరోజే ఇక్కడికి పదకొండు పీడీఎఫ్‌లు వచ్చాయి. బరంపురం నుంచి కొన్ని, విశాఖ నుంచి కొన్ని. ఎవరైనా తెరిచారా? నేనైతే లేదు.

బయాలజీకి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం, ఒక క్వశ్చన్ బ్యాంక్ పెట్టుకోండి. రెండింటినీ ముడివేయడమే అసలు పని. సి4 మొక్కల్లో రూబిస్కో ఎక్కడ ఉంటుందని అడిగితే ఓసారి నేను మీసోఫిల్ అని పెట్టాను. రావాల్సిన 4 మార్కులు పోయాయి, పైగా మైనస్ 1. అది ఉండేది బండిల్ షీత్ కణాల్లో. అప్పుడు ఇంకో పుస్తకం వెతక్కుండా, ఎన్‌సీఈఆర్‌టీలో ఆ వాక్యం పక్కన పెన్సిల్‌తో ప్రశ్న నంబరు, బ్యాంక్‌లో ఆ ప్రశ్న పక్కన పేజీ నంబరు రాసుకున్నాను. మూడు రోజుల తర్వాత ఓసారి, మళ్లీ పదిహేను రోజులకు తప్పు పోయినవి మాత్రమే చేశాను. ఒక పేజీ అంచున నాలుగైదు నంబర్లు చేరాయంటే, ఆ పేజీ చదివాననుకున్నానే తప్ప నాకు రాలేదన్నమాట.

అన్నయ్య, అక్కల పాత బ్యాంక్ వాడేవాళ్లు ఒకటి చూసుకోండి. 2024లో సిలబస్ తగ్గింది. మొక్కల ఖనిజ పోషణ పాఠం పెద్దగా ఉంటే అది పాతదే, ఆ పేజీలు పిన్ కొట్టేయండి.

ఫిజిక్స్‌కు మాత్రం లెక్కలు ఎక్కువ చేయాలి కాబట్టి అక్కడ బ్యాంక్‌దే పెద్ద వాటా.