సోమవారం టైం ఎంట్రీలు ఇన్వాయిస్‌లోకి ఎట్లా వస్తాయంటే

హన్మకొండ ఆఫీసు వాళ్లందరికీ నమస్తే. ఈ వారం నుంచి ప్రతి సోమవారం పొద్దున టైమర్‌లోని ఎంట్రీలు ఇన్వాయిస్ టూల్‌లోకి వాటంతటవే వస్తాయి. పని చేసిన తేదీని బట్టి కాదు, చివరగా మార్చిన సమయం `updated_at` ని బట్టి లాగుతున్నాం. లేకపోతే పోయిన వారం ఎంట్రీని మీరు ఇవాళ సరిచేస్తే అది ఎవరి కంటా పడదు.

ఎంట్రీకి ఇంకా బిల్లు కాకపోతే, అదే `id` మీద కొత్త గంటలు ఎక్కుతాయి, రెండో లైను రాదు. బిల్లు అయిపోయిందా, దాన్ని టూల్ ముట్టుకోదు, తేడాను మాత్రం విడిగా చూపిస్తుంది.

ఉదాహరణకు కరీంనగర్ క్లయింటుకు గంటకు 900 చొప్పున 3 గంటలు బిల్లు పంపినం అనుకోండి. బుధవారం ఎవరో దాన్ని 2 గంటలు చేసిండ్రు. పాత ఇన్వాయిస్ దిద్దొద్దు, అది జీఎస్టీ బిల్లు. తగ్గిన 900కు 18 శాతం పన్ను 162 కలిపి 1,062 రూపాయల క్రెడిట్ నోట్ ఇయ్యాలె. గంటలు పెరిగితే డెబిట్ నోట్.

డిలీట్ చేసిన ఎంట్రీలతోనే నాకు భయం. అవి మార్పుల జాబితాలో రానే రావు, ఇన్వాయిస్ టూల్‌లో మాత్రం అట్లనే ఉండిపోతాయి. అందుకే బిల్లు కాని `id`లన్నీ టైమర్‌లో ఇంకా ఉన్నాయా అని ప్రతి వారం సరిచూస్తాం. మీరైతే దయచేసి డిలీట్ కొట్టకండి, గంటలు సున్నా చేయండి, కారణం ఒక్క ముక్క రాయండి.