మూడు తరగతులకు కలిపి ఒకే ప్లాన్ రాయనివ్వండి

సంపాదకుడు గారికి,

సర్కారు బడి పిల్లలకు ఇంగ్లిష్ రావడం లేదని అందరూ అంటారు. టీచర్ల చేత రాయిస్తున్న ఇంగ్లిష్ లెసన్ ప్లాన్ ఎలా ఉంటుందో మాత్రం బయటివాళ్లకు పెద్దగా తెలియదు.

విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 61 నుంచి 90 మంది పిల్లలుంటే ముగ్గురు టీచర్లుండాలి. మా ఊరి బడిలో 85 మంది ఉన్నారు, ఒక పోస్టు ఖాళీ. ఒకటి, రెండు తరగతులు మేడం చూసుకుంటారు. మూడు, నాలుగు, ఐదు కలిపి 56 మంది నా గదిలో ఉంటారు. ప్లాన్ మాత్రం తరగతికొకటి, ఒక్కోటి 45 నిమిషాలకు సరిపడా రాయాలి. ఆ మూడూ ఒకే గదిలో ఒకే పీరియడ్‌లో ఎలా నడవాలో రాయడానికి ఫార్మాట్‌లో గడి లేదు. అందుకే రిజిస్టర్‌లో రాసేది ఒకటి, గదిలో చెప్పేది ఒకటి అవుతోంది.

ఒక పాఠం తీసుకుందాం. నాలుగో తరగతికి ధరలు అడగడం, చెప్పడం. నమూనా ప్లాన్‌లో ప్రొజెక్టర్ మీద బజారు బొమ్మ, ఆడియో, జంటల సంభాషణ, పిల్లకొక వర్క్‌షీట్ ఉంటాయి. మాకు ప్రొజెక్టర్ లేదు, ఇంతమందికి రోజూ జిరాక్సులు తీయించే డబ్బూ లేదు. అవి లేకపోయినా నడుస్తుంది, పిల్లలు ధర అడిగి చెప్పగలిగితే చాలు.

మొదటి పది నిమిషాలు మూడు తరగతులకూ కలిపే చెప్తాను. బల్ల మీద ఉల్లిగడ్డ, టమాట, సబ్బు, అగ్గిపెట్టె పెట్టి ‘హౌ మచ్ ఈజ్ దిస్?’, ‘ఇట్ ఈజ్ టెన్ రుపీస్’ అనిపిస్తాను. అందరూ కలిసి అరిస్తే గది దద్దరిల్లుతుంది, తనిఖీకి వచ్చినవాళ్లకు ముచ్చటేస్తుంది. కానీ వెనక కూర్చున్నవాళ్లలో కొందరు ఉత్తగా పెదాలు కదుపుతుంటారు. వరస మార్చి, సబ్బు చేతికిచ్చి ఒక్కడినే అడిగితే అసలు సంగతి బయటపడుతుంది.

తర్వాతి పాతిక నిమిషాలే కష్టం. కొత్త విషయం ఆ రోజు ఒక్క జట్టుకే చెప్పాలి, మిగతా రెండు జట్లకూ ముందే వచ్చిన పని ఇవ్వాలి. ఈ లెక్క తప్పితే మూడు వైపుల నుంచీ ‘సార్, సార్’ అని పిలుపులే. ఈ పాఠంలో నేను నాలుగో తరగతి దగ్గర కూర్చుంటాను. మూడో తరగతికి పాత పెళ్లికార్డుల వెనక రాసిన పదాల చీటీలిస్తాను, వాటిని బొమ్మలతో జతపరుస్తారు. ఐదో తరగతివాళ్లు ఐదు సరుకులు, వాటి ధరలు వాక్యాలుగా రాసి మొత్తం కూడతారు. బ్లాక్‌బోర్డు ఒకటే కాబట్టి, పిల్లల ఎత్తులో గోడకు నల్లరంగు వేయించాం, వాళ్ల పని అక్కడ రాసి ఉంటుంది.

చివరి పది నిమిషాలు బేరాలు. ఐదో తరగతివాళ్లు తమ చీటీ చదివి అడుగుతారు, నాలుగో తరగతివాళ్లు ధర చెప్తారు, మూడో తరగతివాళ్లు ఆ సరుకు పేరున్న కార్డు వెతికి అందిస్తారు. కార్డు తప్పు వస్తే ఎవరికి చదవడం రాలేదో నాకు అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ఇందులోనూ తిప్పలున్నాయి. జట్టు లీడరు తొందరగా రాసేస్తే మిగతావాళ్లు చూసి దించేస్తారు. నలుగురి నోట్సులో ఒకే స్పెల్లింగ్ తప్పు కనిపించిందంటే రాసింది ఒక్కరే అన్నమాట. ఐదో తరగతిలోనూ పదాలు చదవలేనివాళ్లుంటారు. వాళ్లను ‘మూడో తరగతి జట్టులో కూర్చో’ అంటే చిన్నబోతారు, మర్నాడు బడికే రారు. అందుకే జట్లకు తరగతుల పేర్లు కాక రంగుల పేర్లు పెట్టుకున్నాం. అయినా ఒక్కో తరగతికి కొత్త పాఠం మూడు రోజులకోసారే అందుతుంది. ఆ లోటు ఏ ప్లాన్‌తోనూ తీరదు, మూడో టీచరు రావాల్సిందే.

ఇదేమీ నేను కనిపెట్టిన పద్ధతి కాదు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు చిన్న పల్లె బడుల్లో వేర్వేరు వయసుల పిల్లలను ఒకే గదిలో కూర్చోబెట్టి, కార్డులతో, నేర్చుకునే మెట్ల వరసతో చాలా ఏళ్లుగా చదివిస్తున్నారు. మన రిజిస్టర్లు మాత్రం గదికొక తరగతి, తరగతికొక టీచరు ఉన్నట్టే తయారవుతున్నాయి.

విద్యాశాఖను కోరేది రెండే. రెండు, మూడు తరగతులు కలిపి చెప్పేచోట ఒకే పేజీలో మూడు గళ్ల ఉమ్మడి ప్లాన్‌ను తనిఖీలో ఒప్పుకోవాలి. ఆ గళ్ల పక్కనే టీచరు ఏ జట్టు దగ్గర ఎన్ని నిమిషాలుంటారో రాసే చోటు ఉండాలి. ఇక ట్రైనింగ్‌లో చూపించే డెమో పాఠాన్ని, ఏరికోరి తెచ్చిన ఇరవై మంది పిల్లలతో కాక, మాలాంటి గదిలో మూడు తరగతులనూ కూర్చోబెట్టి చెప్పి చూపించాలి.

ఇట్లు,
ఒక ఎస్‌జీటీ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా